ఆ మాటకు అర్థం చెప్పేదెవరు?

చట్టంలో ఒక మాట రెండు మూడు రకాలుగా అర్థమవుతోంది. దాన్ని రోజూ అమలుచేసే ప్రభుత్వ సంస్థ అందులో ఒక అర్థం తీసుకుంది. నచ్చనివాళ్లు కోర్టుకెళ్లారు. ఇప్పుడు జడ్జి చెయ్యాల్సిన పనేమిటి? సరైన అర్థం తానే తేల్చాలా, లేక సంస్థ తీసుకున్న అర్థం చట్టంలో ఇముడుతుందో లేదో చూసి ఆగిపోవాలా? ఈ ప్రశ్న మీద అమెరికాలో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి వచ్చిన రెండు తీర్పుల్ని పక్కపక్కన పెట్టి చదవడం నాకు ఇష్టం. రెండూ కాలుష్యం గురించినవే. రెండింటిలోనూ తగాదా ఒకే ఒక్క మాట మీద. కట్టుబడి మాత్రం పూర్తిగా వేరు.

మొదటిది 1984 నాటి షెవ్రాన్ కేసు. గాలి శుభ్రత ప్రమాణాలను అందుకోలేకపోయిన ప్రాంతాల్లో కొత్తగా పెద్ద కాలుష్య ‘మూలం’ పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా కఠినమైన పర్మిట్ తీసుకోవాలని అమెరికన్ కాంగ్రెస్ 1977లో చట్టం చేసింది. మూలం అంటే ఏది? ఒక్కో పొగగొట్టమా, ఒక్కో బాయిలరా, మొత్తం ఫ్యాక్టరీయా? తేడా చిన్నది కాదు. ఒక ఫ్యాక్టరీలో ఏడాదికి 200 టన్నుల కాలుష్యం వదిలే పాత బాయిలర్ తీసేసి, అంతే వదిలే కొత్త బాయిలర్ పెట్టారనుకుందాం. బాయిలరే మూలమైతే కొత్త మూలం వచ్చినట్టే, పర్మిట్ తప్పదు. ఫ్యాక్టరీ అంతా కలిపి ఒకే మూలమైతే మొత్తం మీద కాలుష్యం పెరగలేదు కాబట్టి పర్మిట్ అక్కర్లేదు. ఫ్యాక్టరీ మీద ఒక గాలిబుడగ బోర్లించి, బుడగలోంచి బయటికొచ్చేదాన్నే లెక్కపెట్టే ఈ పద్ధతికి ‘బబుల్’ అనే పేరు స్థిరపడింది. ఈ ప్రాంతాల్లో అది కుదరదని ఆ చట్టాన్ని అమలుచేసే ప్రభుత్వ పర్యావరణ సంస్థ 1980లో అంది. ప్రభుత్వం మారాక 1981లో కుదురుతుందంది. పర్యావరణ సంఘాలు దాన్ని సవాలు చేస్తే కింది కోర్టు కొత్త నిబంధనను కొట్టేసింది.

సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ స్టీవెన్స్ రాసిన తీర్పులో పని రెండు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టు: సరిగ్గా ఈ ప్రశ్న మీద కాంగ్రెస్ సూటిగా ఏమైనా చెప్పిందా? చెప్పి ఉంటే కథ అక్కడితో సరి, సంస్థ ఏమన్నా అనవసరం. రెండో మెట్టు: చెప్పకపోయినా, రెండర్థాలకు తావిచ్చినా, సంస్థ తీసుకున్న అర్థం చట్టానికి ఒదిగేదేనా? ఒదిగితే కోర్టు దాన్ని నిలబెట్టాలి. తానైతే ఆ అర్థం తీసుకునేదాన్ని కాదనుకున్నా సరే.

ఈ తీర్పు నాణ్యత తెలియాలంటే ఫుట్‌నోట్లు చూడాలి. చట్టానికి అర్థం చెప్పడంలో అంతిమ అధికారం కోర్టుదేనని తొమ్మిదో నోట్ చెబుతుంది. చట్టాన్ని చదవడానికి వాడే మామూలు సాధనాలన్నీ ప్రయోగించి చూశాకే రెండో మెట్టుకు వెళ్లాలని దాని భావం. అంటే మొదటి మెట్టు మీద కోర్టు ఎవరి మాటా వినదు. స్టీవెన్స్ ఆ పని నిజంగా చేశాడు. చట్టంలోని నిర్వచనాలు చదివాడు, అవి కలిసే చోటా విడిపోయే చోటా చూశాడు, కాంగ్రెస్ చర్చల చరిత్ర తిరగేశాడు. ఆర్థికాభివృద్ధి, గాలి శుభ్రత రెండూ కాంగ్రెస్ కోరిందని, ఈ ఒక్క ప్రశ్నను మాత్రం తెంచలేదని తేల్చాడు. ఆ మిగిలిన ఖాళీలో ఎంచుకోవడం విధానానికి సంబంధించిన పని. జడ్జీలకు ఆ రంగంలో నైపుణ్యం లేదు, జనం వాళ్లను ఎన్నుకోలేదు. సంస్థ మీద ఎన్నికైన అధ్యక్షుడున్నాడు. అందుకే ఆ ఎంపిక సంస్థకు వదిలాడు.

ఈ పద్ధతి అరిగిపోయింది మాత్రం ఒక చోట. రెండు మెట్లకూ మధ్య గడప ‘సందిగ్ధత’. ఒక మాట ఎంత అస్పష్టంగా ఉంటే సందిగ్ధమైనట్టు? దానికి కొలత లేదు. ఒక జడ్జికి అద్దంలా కనిపించిన వాక్యం పక్క జడ్జికి మసకగా కనిపించేది. తీర్పు చేతికొచ్చినప్పుడు మొదటి మెట్టు మీద ఎన్ని పేజీలు పని జరిగిందో చూస్తే చాలు. రెండు పేరాల్లో ‘సందిగ్ధం’ అని తేల్చి సంస్థ వైపు జారిపోయిన తీర్పుల్లో తొమ్మిదో నోట్ చెప్పిన పని జరగనట్టే. దీనికితోడు, కోర్టు ఒకసారి చెప్పిన అర్థాన్ని సైతం, చట్టం సందిగ్ధమైనదైతే, సంస్థ తర్వాత వేరే అర్థంతో పక్కన పెట్టవచ్చని 2005లో బ్రాండ్ ఎక్స్ కేసులో తేలింది.

రెండో తీర్పు 2000లో ఆస్ట్రేలియా హైకోర్టు ఇచ్చింది. అక్కడ అత్యున్నత న్యాయస్థానం పేరే హైకోర్టు. దక్షిణ ఆస్ట్రేలియాలో ద్రవ వ్యర్థాలను శుద్ధిచేసే ప్లాంటు కోసం ఒక కంపెనీ అనుమతి అడిగింది. నిబంధనల ప్రకారం అది ‘సాధారణ పరిశ్రమ’ అయితే అభివృద్ధి కమిషన్ ఒక్కటే అనుమతించగలదు. ‘ప్రత్యేక పరిశ్రమ’ అయితే స్థానిక కౌన్సిల్ కూడా ఒప్పుకోవాలి. వాసనలు, ఆవిరులు, పొగలు వచ్చి చుట్టుపక్కలవారికి హాని గానీ ఏవగింపు గానీ కలిగించేది ప్రత్యేక పరిశ్రమ. ఇది సాధారణమైనదేనని కమిషన్ అనుమతిచ్చింది. ఎన్‌ఫీల్డ్ నగర కౌన్సిల్ కోర్టుకెళ్లింది.

మొదట విన్న జడ్జి సాక్ష్యాలు తనే తీసుకుని, ప్లాంటు ప్రత్యేక పరిశ్రమేనని తేల్చాడు. పై ధర్మాసనం కమిషన్ అభిప్రాయానికి తగినంత మన్నన ఇవ్వలేదంటూ ఆ తీర్పును తిప్పేసింది. హైకోర్టు పై ధర్మాసనాన్ని సరిదిద్దింది. దాని తర్కంలోని బిగువు నన్ను ఆకట్టుకుంటుంది. కమిషన్ అధికారమే ‘ఇది ఏ పరిశ్రమ’ అనే ప్రశ్న మీద నిలబడి ఉంది. ఆ ప్రశ్నకు కమిషన్ చెప్పిందే చివరి మాటైతే, కమిషన్ తన అధికారానికి తానే హద్దు గీసుకున్నట్టు. కౌన్సిల్‌కు చట్టం ఇచ్చిన పాత్ర కమిషన్ ఒక్క మాటతో మాయమవుతుంది. కాబట్టి ఆ ప్రశ్న కోర్టే స్వయంగా తేల్చాలి. షెవ్రాన్ పద్ధతి ఇక్కడ చెల్లదని కూడా హైకోర్టు చెప్పింది.

అలాగని కమిషన్ మాటను అది గాలికి వదిలెయ్యలేదు. ఆ రంగంలో కమిషన్‌కు ఎంత అనుభవముంది, తన ముందుకొచ్చిన సాక్ష్యం ఏమిటి, కోర్టు ముందున్న సాక్ష్యం దానికి ఎంత భిన్నం అన్నవి చూసి తగిన బరువు ఇవ్వమంది. బరువు సాక్ష్యానికి ఇచ్చేలాంటిది, ఆజ్ఞకు ఇచ్చేది కాదు. కామన్ లా దేశాలన్నీ ఇదే దారిలో లేవు. కెనడా సుప్రీంకోర్టు 2019 వావిలోవ్ తీర్పులో, సంస్థ తీసుకున్న అర్థం సహేతుకమా కాదా అన్నదే మామూలుగా చూస్తామంది.

అమెరికా 2024లో లోపర్ బ్రైట్ కేసులో షెవ్రాన్‌ను రద్దుచేసింది. హెర్రింగ్ చేపలు పట్టే పడవలు, తమ మీద ఉండే ప్రభుత్వ పరిశీలకుడి ఖర్చు కూడా భరించాలన్న నిబంధనతో మొదలైన తగాదా అది. సందిగ్ధత ఉన్నంత మాత్రాన నిర్ణయం సంస్థకు అప్పగించినట్టు కాదని, అర్థం చెప్పడంలో కోర్టు స్వతంత్రంగా ఆలోచించాల్సిందేనని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశాడు. అయినా కాంగ్రెస్ ‘తగిన’, ‘సహేతుకమైన’ లాంటి మాటలతో విచక్షణను సంస్థకు నిజంగానే ఇచ్చిన చోట, ఆ హద్దు ఎక్కడుందో చూడటమే కోర్టు పని. షెవ్రాన్ పద్ధతిలో వచ్చిన పాత తీర్పులు మాత్రం నిలుస్తాయి. అంటే బబుల్ మీద 1984లో వచ్చిన ఫలితం చెక్కుచెదరలేదు.

మన దగ్గర ఈ పని ఇంకో రకంగా అమరింది. ఎక్సైజ్ సర్క్యులర్ల గురించి 2008లో రతన్ మెల్టింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిందేమిటంటే, బోర్డు ఇచ్చిన సర్క్యులర్ చట్టాన్ని ఆ శాఖ ఎలా అర్థం చేసుకుందో చెబుతుంది, శాఖ అధికారులు దానికి కట్టుబడాలి, కోర్టు మాత్రం కట్టుబడనక్కర్లేదు. చట్ట నిబంధనలకు ఎదురుపోయే సర్క్యులర్‌కు చట్టం దృష్టిలో ఉనికే లేదు. అంటే ఒకే కాగితం ఆఫీసు గదిలో ఆజ్ఞ, కోర్టు హాల్లో ఒక అభిప్రాయం.