టిక్కీలో రెండు లీటర్ల నీళ్లు

పండుమిరపకాయ కోసిన నాడు దాని బరువులో సుమారు ముప్పాతిక వంతు నీళ్లే. 100 కిలోల కాయ కల్లంలో పోస్తే, చివరికి తూకానికి వచ్చేది దాదాపు 28 కిలోలు. మిగతా 72 కిలోల నీటినీ ఎండా గాలీ తీసుకుపోతాయి. ఈ పనిలో గుంటూరు, పల్నాడు రైతుల నేర్పు ఎంతటిదో అర్థం కావాలంటే ఆ 72 కిలోలను చూస్తే చాలదు, ఆఖరున పోవాల్సిన ఒకటి రెండు లీటర్లను చూడాలి.

లెక్క ఇలా ఉంటుంది. 10 శాతం తేమతో ఆరిన 40 కిలోల టిక్కీలో 4 కిలోల నీళ్లుంటాయి. అవే కాయలను 14 శాతం దగ్గర ఆపి సంచికెత్తితే బరువు 42 కిలోల లోపే ఉంటుంది. అంటే తేడా రెండు లీటర్లకు కాస్త తక్కువ. రంగులోనూ ఘాటులోనూ ఈ రెండు సంచులకు తేడా కనపడదు. కానీ 10, 11 శాతం దగ్గర ఉన్న నీరు కాయ కండకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, బూజు దాన్ని పీల్చుకోలేదు. తేమ అంతకు మించేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. సంచిలో ఏ మూలైనా తడి చేరితే చాలు, బూజు కాలూనుతుంది.

ఆ బూజుల్లో అసలు ప్రమాదకారి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. మన నేలలో, దుమ్ములో, ఎండుటాకుల్లో ఎప్పుడూ ఉండేదే. 30 డిగ్రీల అటూ ఇటూ వెచ్చదనం, చాలినంత తడి దొరికితే పెరుగుతూ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు వేల సంఖ్యలో చచ్చిపోతే, వాటి దాణాలోని వేరుశనగ పిండిలో ఈ విషం మొదట బయటపడింది. అందులో బి1 అనే రకం మనుషుల్లో కాలేయ కేన్సర్ తెస్తుందని రుజువైంది. మిరపకాయల్లో కిలోకు 5 మైక్రోగ్రాముల బి1 దాటితే ఐరోపా సమాఖ్య సరుకును రానివ్వదు. టన్ను కాయలో 5 మిల్లీగ్రాములన్న మాట. వండినా, వేయించినా ఇది పూర్తిగా పోదు. పొయ్యి మీద వచ్చే వేడికి అది పూర్తిగా విరగదు.

అందుకే పోరాటమంతా కల్లంలోనే జరగాలి. కోసిన కాయ పూర్తి తడిగా ఉన్నప్పుడూ, బాగా ఎండినప్పుడూ ఈ బూజుకు అంత అనువు కాదు. మొదటి దశలో వేరే సూక్ష్మజీవులు దానితో పోటీ పడతాయి, చివరి దశలో దానికి నీళ్లు దొరకవు. మధ్యలో, కాయ తోలులా వంగుతూ ఉన్న రోజుల్లో దానికి మంచి అవకాశం. ఆ రోజులను ఎంత త్వరగా దాటిస్తే అంత మేలు. మబ్బు పట్టి, మార్చిలో అకాల వాన పడితే రైతు బెంగపడేది తడిసిన కాయ ఒక్కదాని గురించే కాదు, ఎండడం ఆగిపోయిన ఆ రెండు మూడు రోజుల గురించి కూడా.

పని తీరును దగ్గరగా చూడండి. మట్టి నేల మీద కాయ పోస్తే నేల తడి కింద నుంచి ఎక్కుతుంది, దుమ్ముతో బూజు బీజాలూ వస్తాయి. అందుకని టార్పాలిన్ పట్టా గానీ సిమెంటు కల్లం గానీ కావాలి. మొదటి రోజుల్లో కాయను పలచగా పరుస్తారు. పగలు ఒకటికి రెండుసార్లు తిరగబెడతారు. సాయంత్రం గుట్ట చేసి కప్పుతారు. నాకు అన్నిటికన్నా అబ్బురం ఈ రాత్రి గుట్టే. పగలు కాయ పైతోలు ఎండి బిగుసుకుంటుంది, లోపల గింజల చుట్టూ, తొడిమ మొదట్లో తడి మిగులుతుంది. గుట్టలో ఆ లోపలి తడి మెల్లగా పైకి వస్తుంది, మర్నాటి ఎండ దాన్ని పట్టుకుపోతుంది. కప్పకపోతే మంచు దిగుతుంది. అయితే ఇంకా పచ్చిగా ఉన్న కాయను బిగుతుగా కప్పితే పట్టా లోపలి వైపు నీటి బొట్లు కడతాయి. పొద్దున్నే పట్టా ఎత్తగానే ఆ బొట్లు కనిపిస్తే, ఆ రోజు గుట్టను ఆలస్యం చేయకుండా పరిచేయాలి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు ఉదయం కాయను నమ్మరు. రాత్రి గాలిలోని తేమ పీల్చి అది మెత్తబడి ఉంటుంది. మధ్యాహ్నం చూడాలి. చేత పట్టి ఊపితే గింజలు గలగలమనాలి. విరిస్తే తోలు పెళుసుగా విరగడం ఒక్కటే చాలదు. గింజలు అంటుకుని ఉన్న లోపలి తెల్లటి కండ కూడా విరగాలి. అది వంగితే ఇంకా ఒకటి రెండు రోజుల ఎండ బాకీ ఉన్నట్టే.

తర్వాత కూలీ ఆడవాళ్లు గుట్ట చుట్టూ కూర్చుని తాలు ఏరతారు. తెల్లబడినవి, మచ్చలున్నవి, పగిలినవి, పురుగు తొలిచినవి వేరుపడతాయి. ఇది ధర కోసం చేసే పనిగానే చాలామంది చూస్తారు. నా దృష్టిలో ఆరోగ్య పరీక్షల్లో కూడా ఇదే మొదటిది. కాయకుళ్లు మచ్చ, పురుగు చేసిన రంధ్రం బూజు లోపలికి వెళ్లే దారులు. విషం సరుకంతటా సమానంగా ఉండదు. వందల కాయల్లో ఏ కొన్నింటిలోనో పోగుపడి ఉంటుంది. ఆ కొన్నింటిని చేతితో తీసేస్తే ఎక్కువ భాగం తీసినట్టే అవ్వవచ్చు. అయినా ఒక పరిమితి ఉంది. పైకి నిగనిగలాడే కాయను విరిస్తే ఒక్కోసారి లోపల బూడిదరంగు సాలెగూడులాంటి బూజు బయటపడుతుంది. చూసి ఏరే కంటికి అది అందదు. అలాంటి కాయల్లోని విషాన్ని ప్రయోగశాలలోనే పట్టాలి. అక్కడ కూడా సంచుల్లో చాలాచోట్ల నుంచి నమూనా తీసి కలపకపోతే ఫలితం మోసం చేస్తుంది.

ఇంత పనినీ ఒక్క బకెట్టు పాడుచేయగలదు. బాగా ఎండిన కాయ తొక్కేటప్పుడు విరుగుతుందని సంచికెత్తే ముందు నీళ్లు చల్లే అలవాటు ఉంది. చల్లిన నీరు గుట్టంతా సమంగా పరుచుకోదు. సగటు తేమ 11 శాతమే వచ్చినా, ఒక గుప్పెడు కాయల దగ్గర అది చాలా ఎక్కువగా ఉండవచ్చు. బూజు సగటును చూడదు, ఆ గుప్పెడునే వెతుక్కుంటుంది. తెల్లవారుజామున, రాత్రి గాలికి కాయ కొద్దిగా మెత్తబడినప్పుడు సంచులు నింపే రైతుకు చల్లాల్సిన అవసరమే రాదు. ఆ మెత్తదనం కాయకాయకూ సమంగా, స్వల్పంగా వస్తుంది.

అక్కడి నుంచి సరుకు గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు చేరుతుంది. చల్లదనం, చీకటి రంగును కాపాడతాయి, బూజును నిద్రపుచ్చుతాయి. కానీ లోపలికి వెళ్లేనాటికే పుట్టిన విషం అక్కడ తగ్గదు. బయటికి తీసే రోజు మరో గండం. వానాకాలపు తేమగాలిలో చల్లని సంచి విప్పితే కాయల మీద చెమట పడుతుంది. సంచిని మూతి విప్పకుండా నీడలో ఉంచి, బయటి వేడికి వచ్చాక విప్పాలి.

కారం ఆడించాక ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి. గింజ, తోలు, బూజు కలిసి ఒకే ఎర్రని పొడి అవుతాయి. ఒక చెడ్డ కాయలోని విషం డబ్బా అంతటా పరుచుకుంటుంది. అందుకని ఇంట్లో ఆడించుకునేవాళ్లు గుట్ట నుంచి పది కాయలు తీసి విరిచి చూడాలి, తొడిమలు తీసి ఎండబెట్టాలి. మిల్లు నుంచి వచ్చిన వెచ్చని కారాన్ని పళ్లెంలో చల్లార్చాకే డబ్బాకెత్తాలి, లేకపోతే మూత లోపల ఆవిరి నీరై దిగుతుంది. తడి చెంచా పడి గడ్డకట్టి, మట్టివాసన వస్తున్న కారాన్ని మళ్లీ ఎండబెట్టి వాడకండి. ఎండకు తడి పోతుంది, అప్పటికే విషం పుట్టి ఉంటే అది మాత్రం పొడిలోనే ఉంటుంది. దాన్ని పారేయడమే మార్గం.