అవకాశాన్ని రూపాయల్లో కొలిచిన షీటు

మౌలాలి పారిశ్రామికవాడలో కరెంటు కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉంది. అక్కడ సేల్స్ చూసే ఆవిడ ప్రతి సోమవారం ఒకే పేజీ రిపోర్టు తీస్తారు. చేతిలో ఉన్న బేరాలు ఏ దశలో ఉన్నాయి, వాటిలో ఎంత నిజంగా ఆర్డరుగా మారొచ్చు అన్నదే అందులోని విషయం. ఎక్సెల్‌లో ఇలాంటి పట్టిక ఎవరైనా వేయగలరు. ఈ పట్టిక వేసిన తీరులో మాత్రం గొప్ప పనితనం ఉంది.

మొదట దశలు చూడండి. ఎంక్వైరీ, లోడ్ లిస్టు, కొటేషన్ చర్చ, రేటు బేరం, నోటిమాట ఓకే అని ఐదున్నాయి. కొటేషన్ మెయిల్ చేసినంత మాత్రాన ఆ బేరం మూడో దశలోకి రాదు. అవతలివాళ్లు దాన్ని చదివి, బ్రేకర్ ఏ కంపెనీది, బస్‌బార్ రాగిదా అల్యూమినియందా అని అడిగితేనే వస్తుంది. అంటే మనం చేసిన పనిని బట్టి కాకుండా, కొనేవాళ్లు వేసిన అడుగును బట్టే బేరం ముందుకు జరుగుతుంది. ఈ ఒక్క నియమంతో, పంపిన ప్రతి కొటేషనూ సగం ఆర్డరే అనుకునే అలవాటుకు చోటు లేకుండా పోయింది.

ఇక శాతాలు. కొటేషన్ చర్చకు ఎదురుగా 30 శాతం అని ఉంది. అది ఎవరి నమ్మకమూ కాదు, పాత రికార్డు లోంచి తీసినది. గత రెండేళ్లలో ఆ దశ దాకా వచ్చి తేలిపోయిన బేరాలు 100, వాటిలో ఆర్డరైనవి 30. వచ్చిందో పోయిందో ఇంకా తేలనివాటిని ఆ లెక్కలో కలపలేదు. కలిపితే భాగించే సంఖ్య పెరిగి, శాతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ఒక వారం లెక్క ఇది. ఎంక్వైరీలో ఉన్నవి 80 లక్షలు, అవకాశం 10 శాతం, విలువ 8 లక్షలు. లోడ్ లిస్టు ఇచ్చినవి 50 లక్షలు, 20 శాతం చొప్పున 10. కొటేషన్ చర్చలో 60 లక్షలు, 30 శాతం చొప్పున 18. రేటు బేరంలో 40 లక్షలు, 60 శాతం చొప్పున 24. నోటిమాట ఇచ్చి పీఓ రావలసినవి 20 లక్షలు, 90 శాతం చొప్పున 18. మొత్తం బేరాలు రెండున్నర కోట్లు, ఆశించదగినది 78 లక్షలు. మొత్తాలు B కాలమ్‌లో, శాతాలు C కాలమ్‌లో ఉంటే ఫార్ములా ఇంతే:

```
=SUMPRODUCT(B2:B6,C2:C6)
```

నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మొత్తానికి కింద, గీత కొట్టి విడిగా రాసిన ఒకే ఒక్క వరస. అది ఐఆర్ఈపీఎస్‌లో వేసిన 90 లక్షల రైల్వే టెండరు. డీజిల్ లోకో షెడ్ ఉన్న మౌలాలిలో రైల్వే పని మీద ఆశ పెట్టుకోని యూనిట్ అరుదు. కానీ ఈ సైజు టెండర్లు ఇంతకుముందు 20 వేస్తే వచ్చినవి రెండే, అంటే 10 శాతం. పై పట్టికలో కలిపితే 9 లక్షలు చేరేవి. అయితే ఈ టెండరు వల్ల 9 లక్షలు ఎన్నడూ రావు. వస్తే 90, లేకపోతే సున్నా. చిన్న బేరాలు పదుల సంఖ్యలో ఉంటే ఒకటి పోయినా ఇంకొకటి వచ్చి సగటు నిలుస్తుంది, ఒంటరి బేరానికి ఆ వీలు లేదు. అందుకే రాగి కొనుగోలుకు 78 లక్షలనే ఆధారం చేసుకున్నారు. బిడ్లు తెరిచాక అవకాశం ఒక్కసారిగా మారుతుంది. ఎల్1 అయితే బాగా పెరుగుతుంది. కాకపోయినా, చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొనుగోలు ప్రాధాన్యం వర్తించే టెండరైతే, ఎల్1 చిన్న పరిశ్రమ కాకుండా, తమ ధర దానికన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నప్పుడు ఎల్1 ధరకు దిగి కొంత ఆర్డరు అందుకునే దారి ఉంటుంది.

చివరగా, ఈ రిపోర్టు తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రతి మూడు నెలలకూ ఆ రోజు షీటును మార్చకుండా ఒక కాపీ దాస్తారు. అందులోని బేరాలన్నీ తేలాక, వాటి నుంచి వచ్చిన ఆర్డర్లను మాత్రమే అప్పటి అంచనాతో పోలుస్తారు. మధ్యలో కొత్తగా వచ్చినవి కలిపితే అంచనా తప్పినా కప్పబడిపోతుంది. ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ వస్తే శాతాలు సరిగ్గా ఉన్నట్టే. వరసగా ప్రతిసారీ తక్కువే వస్తుంటే మార్కెట్ మారిందని, లేదా బేరాలను తొందరపడి పై దశకు జరుపుతున్నారని అర్థం. అప్పుడు ఏ దశలో తేడా వచ్చిందో చూసి, ఆ ఒక్క శాతాన్నే కొత్త రికార్డుతో సరిచేస్తారు. అమ్మకాల రిపోర్టులు చాలా చూశాను, తన తప్పును పట్టుకునే ఏర్పాటు తనలోనే పెట్టుకున్నవి తక్కువ. ఈ షీటును నేను అంతగా మెచ్చుకోవడానికి కారణం అదే.