పొట్లం ధర, మొలిచే గింజ ధర

ఆనేకల్ పరిసరాల్లో రాగి పొలాల పక్కనే కూరగాయల మళ్లు కనిపిస్తాయి. అక్కడి విత్తనాల అంగడికి వెళ్లే రైతు ముందుగా అడిగేది పొట్లం ఎంత అనే. అయితే రైతు కొనేది పొట్లాన్ని కాదు, మొలిచే గింజను. దాని అసలు ధర తెలియాలంటే పొట్లం మీది చీటీలో మరి రెండు అంకెలు చూడాలి. ఒకటి నికర బరువు, రెండోది మొలక శాతం, అంటే నూరు గింజలు నాటితే కనీసం ఎన్ని మొలుస్తాయని అమ్మేవారు హామీ ఇస్తున్నారో ఆ సంఖ్య. 1966 నాటి విత్తన చట్టం కింద బెండకు ఈ కనీసం 65 శాతం.

ఉదాహరణకు, ఒకే బెండ రకానికి చెందిన రెండు పొట్లాలు ఉన్నాయనుకుంటే, మొదటిది 250 గ్రాములు, 300 రూపాయలు, మొలక 65 శాతం. రెండోది 200 గ్రాములు, 280 రూపాయలు, మొలక 85 శాతం. నూరు గ్రాముల లెక్కన మొదటిది 120 రూపాయలు, రెండోది 140 రూపాయలు పడుతుంది గనుక మొదటిదే చవకగా తోస్తుంది. కానీ బరువును మొలక శాతంతో హెచ్చవేస్తే, పెద్ద పొట్లంలో మొలిచే విత్తనం సుమారు 162 గ్రాములే ఉండగా, చిన్నదానిలో 170 గ్రాములు ఉంటుంది. అంటే నూరు గ్రాముల మొలిచే విత్తనానికి మొదటిదానిలో దాదాపు 185 రూపాయలు, రెండోదానిలో 165 రూపాయలు పడుతున్నాయి. పైగా మొలవని చోట మళ్లీ గింజ పెట్టడానికయ్యే కూలి ఈ లెక్కలో లేదు.

ఈ లెక్కకు ఒక చిక్కు ఉంది. చీటీ మీద 65 అని ఉండటం చట్టం అడిగిన కనీసాన్ని అచ్చువేయడమే కావచ్చు, లోపలి గింజ అంతకంటే మెరుగ్గా ఉండవచ్చు. అది తేలాలంటే నూరు గింజలను ఏరకుండా తీసి, తడిపి పిండిన నూలుగుడ్డలో వరుసగా పరిచి చుట్టి, ఆరిపోకుండా నీడలో ఉంచి, వేరూ మొలకా రెండూ సరిగా వచ్చినవాటినే లెక్కించాలి. బెండలో గట్టి పెంకు వల్ల నీరు పీల్చక ఆలస్యమయ్యే గింజలుంటాయి. ప్రయోగశాలలు తుది లెక్కకు 21 రోజులు ఆగేది అందుకే. నూరు గింజల పరీక్షలో ఎనిమిది, తొమ్మిది శాతం తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు గనుక, 70కీ 76కీ మధ్య తేడాను నమ్మి ఎక్కువ ధర పెట్టడం సరికాదు. ప్రయోగశాలలు 400 గింజలు వాడతాయి.

సంకర రకాన్ని సాధారణ రకంతో ఈ కొలతతో పోల్చలేము, ఎందుకంటే అక్కడ ధరలో తేడా మొలకది కాదు, దిగుబడిది. పరీక్ష తేదీ పాతబడితే శాతమూ నమ్మదగినది కాదు. మొలక రాలేదని ఫిర్యాదు చేయాలంటే చీటీ మీది లాట్ నంబరు కావాలి కాబట్టి, రైతులు ఆ చీటీనీ, బిల్లునూ, గుప్పెడు విత్తనాన్నీ పంట చేతికొచ్చేదాకా దాచి ఉంచుకోవాలి.