ఈసా నబీ, యేసు క్రీస్తు: పల్నాటి ప్రసంగాల్లో ఖుర్ఆన్ వాడకంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో సేవ చేస్తున్న కాపరులకు ముస్లిములు ఇరుగుపొరుగువారే. నూర్‌బాషా (దూదేకుల) కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది కూడా తెలుగే. మన సంఘంలో దావీదు, సొలొమోను, అబ్రాహాము, మరియమ్మ ఉంటే పక్క వీధిలో దావూద్, సులేమాన్, ఇబ్రహీం, మరియంబీ ఉంటారు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరి పల్నాటిలో సేవ ఆరంభించిన నాటి నుండి ఈ రెండు విశ్వాసాలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. పేర్లు కలిసినంత మాత్రాన విశ్వాసం కలిసినట్లేనా అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న.

మన ప్రసంగాల్లోనూ కరపత్రాల్లోనూ తరచుగా వినిపించే వాదన ఒకటి ఉంది. “ఖుర్ఆన్ యేసును దేవుని వాక్కు అనీ, దేవుని నుండి వచ్చిన ఆత్మ అనీ పిలుస్తున్నది, కాబట్టి ఆయన దేవుడని ముస్లిముల గ్రంథమే ఒప్పుకుంటున్నది” అనేదే ఆ వాదన. మా విద్యార్థుల ప్రసంగ ప్రతుల్లో కూడా దీనిని చూస్తుంటాము. ఈ వాదన నిలవదని మా అభిప్రాయం. ఎందుకు నిలవదో తెలుసుకుంటే రెండు విశ్వాసాల మధ్య ఉన్న అసలు తేడా కూడా తెలుస్తుంది.

1. వాక్కు, ఆత్మ అనే బిరుదులు

ఈ రెండు బిరుదులూ కలిసి కనబడే వచనం ఖుర్ఆన్ 4:171. మర్యం కుమారుడైన ఈసా మసీహ్ అల్లాహ్ పంపిన ప్రవక్త అనీ, మర్యంకు అందజేయబడిన ఆయన వాక్కు అనీ, ఆయన నుండి వచ్చిన ఆత్మ అనీ అక్కడ ఉన్నది. అయితే అదే వచనం ముందుకు సాగి, ముగ్గురు అని పలుకవద్దనీ, కుమారుని కలిగి ఉండటం అల్లాహ్ మహిమకు తగదనీ హెచ్చరిస్తుంది. వచనంలో సగం చదివి ఆపివేస్తేనే మన వాదనకు చోటు దొరుకుతుంది. వినేవారిలో ఖుర్ఆన్ చదువుకున్నవారు ఒక్కరున్నా మిగతా సగం చదివి వినిపిస్తారు.

మరి “వాక్కు” అంటే ఖుర్ఆన్ ఉద్దేశమేమిటి? దీనికి 3:59 తోడ్పడుతుంది. ఈసా స్థితి ఆదాము స్థితి వంటిదనీ, దేవుడు ఆదామును మట్టితో చేసి “అయిపో” అని ఆజ్ఞాపించగా అతడు ఉనికిలోకి వచ్చాడనీ అక్కడ ఉన్నది. ముస్లిం వ్యాఖ్యాతలు ప్రధానంగా దీనినిబట్టే, తండ్రి లేకుండా దేవుని ఆజ్ఞా వాక్కు చేత పుట్టినవాడు గనుక ఈసాకు ఆ బిరుదు కలిగిందని వివరిస్తారు. ఆత్మ విషయమూ అంతే. ఆదాములో దేవుడు తన ఆత్మను ఊదాడని 15:29 చెబుతుంది. అందుచేత ఆదామును ఎవరూ దేవుడనరు.

యోహాను 1వ అధ్యాయంలోని వాక్యము దేవుని యొద్ద ఉన్నది, దేవుడై యున్నది. సృష్టి అంతా ఆ వాక్యము ద్వారానే కలిగింది. ఆ వాక్యమే శరీరధారి అయ్యింది. ఖుర్ఆన్‌లో వాక్కు చేత ఈసా సృజింపబడ్డాడు. యోహానులో వాక్యమే సృష్టికర్త. తెలుగులో మాట దాదాపు ఒకటే అయినా రెండు గ్రంథాలు దానితో చెప్పేది వేరు.

ఈ వాదన కొత్తదేమీ కాదు. 8వ శతాబ్దంలోనే దమస్కు యోహాను దీనిని వాడాడు. అయితే ఆయన, దేవుని వాక్కూ ఆత్మా దేవునితో విడదీయరానివి కావా అని ప్రశ్నించి, దానిపై తర్కం నడిపాడు. అది వాదించదగిన ప్రశ్నే. కాని “మీ గ్రంథం ఇదే చెబుతున్నది” అని తేల్చివేయడం వేరు. ద్వితీయోపదేశకాండము 18:18ని, యోహాను 14:16లోని ఆదరణకర్తను ముహమ్మద్ ప్రవక్తకు వర్తింపజేసే ముస్లిం బోధకులతో, సందర్భాన్ని చూడమని మనం అంటాము. ఆ కొలత మనకూ వర్తించాలి.

2. దావీదు, దావూద్

ప్రవక్త అనే పదవిని రెండు విశ్వాసాలు ఎలా చూస్తాయో దావీదు వృత్తాంతంలో స్పష్టమవుతుంది. 2 సమూయేలు 11, 12 అధ్యాయాలు బత్షెబ విషయాన్ని, ఊరియా హత్యను దాచకుండా చెబుతాయి. నాతాను ఒక బీదవాని ఏకైక గొఱ్ఱెపిల్ల కథ చెప్పి రాజు పాపాన్ని బయటపెడతాడు. ఖుర్ఆన్ 38:21-25లోనూ గొఱ్ఱెలున్నాయి. ఇద్దరు వాదులు దావూద్ వద్దకు వస్తారు. ఒకనికి తొంభై తొమ్మిది గొఱ్ఱెలు, మరొకనికి ఒక్కటే. తీర్పు చెప్పిన తరువాత అది తనకు పరీక్ష అని దావూద్ గ్రహించి, సాగిలపడి క్షమాపణ వేడుకుంటాడు. బత్షెబ గాని ఊరియా గాని అక్కడ కనబడరు.

తొలినాటి ముస్లిం వ్యాఖ్యానాల్లో ఊరియా కథ కూడా వినబడుతుంది. ప్రవక్తలు ఘోర పాపాల నుండి కాపాడబడినవారనే సిద్ధాంతం (ఇస్మత్) బలపడిన కొలదీ చాలామంది పండితులు ఆ కథను నిరాకరించారు. ప్రవక్త ప్రజలకు మాదిరి. మాదిరియే వ్యభిచారియైతే ప్రజలు ఎవరిని అనుసరించాలి అన్నది వారి ప్రశ్న. మైకులో దావీదు పాపాన్ని గూర్చి ప్రసంగించే కాపరి, పక్క వీధిలోని వారికి అది ఒక ప్రవక్తపై నిందగా వినిపిస్తుందని ఎరిగి ఉండాలి.

అంతమాత్రాన ఆ అధ్యాయాన్ని మనం వదులుకోము. అపొస్తలుల కార్యములు 2:30 దావీదును ప్రవక్త అనే పిలుస్తుంది. మత్తయి 1:6 క్రీస్తు వంశావళిలో ఊరియా భార్యను తడుముకోకుండా పేర్కొంటుంది. మన విశ్వాసంలో ప్రవక్త కూడా విమోచన అవసరమైన పాపియే. ఖుర్ఆన్‌లో ప్రవక్తల వరుసలో ఈసా గొప్పవారిలో ఒకడు. బైబిలులో ఆ వరుస అంతా ఎదురుచూచినవాడు క్రీస్తు.

3. సిలువ

ఖుర్ఆన్ 4:157 వారు ఈసాను చంపలేదనీ, సిలువ వేయలేదనీ, వారికి అలా అనిపింపజేయబడిందనీ చెబుతుంది. తరువాతి వచనం దేవుడు ఆయనను తన యొద్దకు ఎత్తుకున్నాడంటుంది. మరొకరు ఆయన స్థానంలో సిలువ వేయబడ్డారన్నది వ్యాఖ్యాతల్లో ప్రబలమైన వివరణ.

“ప్రవక్త చంపబడడు గనుక ఇస్లాం సిలువను నిరాకరిస్తుంది” అని మన పాఠాల్లో చెప్పడం పరిపాటి. ఇది సరికాదు. ఇశ్రాయేలీయులు ప్రవక్తలను చంపారని ఖుర్ఆనే చెబుతున్నది (2:61, 4:155). అసలు తేడా మరొకచోట ఉంది. ఆదాము పశ్చాత్తాపపడగా దేవుడు అతనిని క్షమించాడు (2:37). ఒకని భారాన్ని మరొకడు మోయడు (6:164). ఈ రెండు మాటలను ఒప్పుకున్నవారికి ప్రాయశ్చిత్త మరణం అవసరమే కనబడదు. మానవునికి కావలసింది మార్గదర్శకత్వం. ప్రవక్తలు దానిని తెచ్చారు. యెషయా 53, రోమా 5 అధ్యాయాలను నమ్మే మనం మానవుని దురవస్థను అంతకంటె లోతైనదిగా చూస్తాము. ఆజ్ఞ తెలియకపోవడమే కాదు, తెలిసినా చేయలేకపోవడం మన సమస్య. కాబట్టి సిలువ చరిత్రలో జరిగిందా అనే చర్చకు ముందు, అది ఎందుకు అవసరమైందో మాట్లాడుకోవాలి.

ముగింపు

పొరుగువారితో మాట్లాడునప్పుడు ఈసాను వారు గౌరవిస్తారన్న సంగతిని మనం కృతజ్ఞతతో ఒప్పుకోవచ్చు. కన్యక గర్భాన జననం, అద్భుతాలు, తిరిగి రావడం వారు నమ్ముతారు. ఆ గౌరవాన్ని వారు చేయని ఒప్పుకోలుగా మార్చకూడదు. ఖుర్ఆన్ వచనం ఎత్తితే పూర్తిగా చదవాలి. దాని అర్థాన్ని వారినే అడగాలి. ఆ తరువాత యోహాను సువార్త తెరచి, మన సాక్ష్యానికి మన గ్రంథాన్నే ఆధారంగా చూపాలి. మరియంబీ ఇంటి అరుగు మీద కూర్చున్న కాపరి ఈ పని చేయగలిగితే, ఆమె తన గ్రంథాన్ని వక్రీకరించారని బాధపడకుండా మన సువార్తను వినగలుగుతుంది.