బ్యూరెట్ చదవకుండానే పీకేఏ

బలహీన ఆమ్లం పీకేఏ కనుక్కోవడానికి బడి ల్యాబుల్లో మామూలుగా చేయించే పద్ధతి ఒకటుంది. ఫ్లాస్కులో ఆమ్లం తీసుకుని, బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా వదులుతూ, వదిలిన ప్రతిసారీ పీహెచ్ రాసుకుంటారు. గ్రాఫు గీసి, గీత నిటారుగా లేచిన చోట తుల్య బిందువు గుర్తిస్తారు. అక్కడికి ఎన్ని మి.లీ. పట్టిందో చూసి, అందులో సగం దగ్గర పీహెచ్ ఎంతుందో వెనక్కి వచ్చి చదువుతారు. ఆ సగం దగ్గరి పీహెచ్చే పీకేఏ. పద్ధతి సరైనదే. కాకపోతే గంట పడుతుంది, పైగా పిల్లల దృష్టంతా బ్యూరెట్ గీతల మీదే ఉండిపోతుంది.

ఇదే పనిని గ్రాఫు లేకుండా, బ్యూరెట్ రీడింగు ఒక్కటి కూడా రాసుకోకుండా చేసే పాత పద్ధతి ఇంకొకటి ఉంది. ప్రయోగశాల పనితనం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే. ఆమ్లాన్ని ఒకే కొలతతో రెండు పాళ్లు తీసుకోవాలి. ఒక పాలును ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు చూపేదాకా క్షారంతో పూర్తిగా తటస్థం చేయాలి. రెండో పాలును అలాగే తెచ్చి అందులో పోసేయాలి. ఇప్పుడు ఫ్లాస్కులో మొత్తం ఆమ్లంలో సరిగ్గా సగం లవణంగా మారి ఉంది, సగం ఆమ్లంగానే ఉంది. మీటర్ ముంచి చదవడమే మిగిలింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో చెప్పే సమీకరణం చిన్నదే:

pH = pKa + log([A⁻]/[HA])

దీని మూలం 1908లో హెండర్సన్ రాసినది. ఆయన చూస్తున్నది రక్తంలో కార్బానిక్ ఆమ్లం ఎలా నడుచుకుంటుందని. మరుసటి ఏడాది కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ పీహెచ్ అనే కొలతను ప్రవేశపెట్టాడు, ఆ తర్వాత హాసెల్‌బాల్క్ ఈ సమీకరణాన్ని లాగరిథమ్ రూపంలోకి తెచ్చాడు. లవణం, ఆమ్లం సమానమైతే బ్రాకెట్లో ఉన్నది 1, దాని లాగ్ సున్నా. కాబట్టి మీటర్ చూపేదే జవాబు. గమనించాల్సింది ఏమిటంటే ఇందులో గాఢతలు విడివిడిగా లేవు, వాటి నిష్పత్తి మాత్రమే ఉంది. ఆమ్లం గాఢత తెలియనక్కరలేదు. క్షారం గాఢతా అక్కర్లేదు. రెండు పాళ్లు సమానమైతే చాలు, ఆ పూచీ పిపెట్‌ది.

అందుకే దీనికి కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చక్కగా సరిపోతుంది. ఉదాహరణకు నూటికి 5 పాళ్ల అసిటిక్ ఆమ్లమున్న వెనిగర్ తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో పదింతలు పలచన చేశామనుకుందాం. గాఢత 0.08 మోలార్ చుట్టుపక్కల ఉంటుంది. లెక్కకు ఆ అంకె అవసరం లేదు, బ్యూరెట్ ఒక్కసారి నింపితే సరిపోతుందా అని చూసుకోవడానికే. 20 మి.లీ. పిపెట్‌తో ఒక పాలు కోనికల్ ఫ్లాస్కులోకి, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. బ్యూరెట్‌లో సుమారు 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. పదహారు, పదిహేడు మి.లీ. దగ్గర ఫ్లాస్కు తిప్పుతుంటే గులాబీ రంగు వచ్చి పోతుంటుంది. అక్కణ్నుంచి చుక్కచుక్కగా వదిలి, అర నిమిషం నిలిచే లేత రంగు రాగానే ఆపాలి. రెండో 20 మి.లీ. పోయగానే రంగు ఒక్కసారిగా మాయమవుతుంది. ఫినాఫ్తలీన్‌కు రంగు రావాలంటే పీహెచ్ 8 దాటాలి, ఇప్పుడున్నది 5 కంటే తక్కువ.

ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో చూస్తే పద్ధతి అసలు అందం తెలుస్తుంది. తటస్థీకరణ గీతలో సగం దగ్గరి భాగం అన్నిటికంటే చదునైనది. అక్కడ ఆమ్లంలో నూటికి ఒక పాలు అటూ ఇటూ అయితే పీహెచ్ కదిలేది 0.017 మాత్రమే. ఒకరు తొందరపడి ఒక చుక్క, అంటే 0.05 మి.లీ., ఎక్కువ వదిలారనుకోండి. తటస్థం చేయడానికి పట్టే 17 మి.లీ.లో అది నూటికి 0.3 పాళ్లు. రెండో పాలు కలిశాక మొత్తం ఆమ్లం రెట్టింపు గనక ఆ తప్పు 0.15కు దిగుతుంది. పీహెచ్‌లో వచ్చే తేడా 0.003. రెండు దశాంశాలు చూపే మీటర్‌కు అది కనిపించనే కనిపించదు. అదే చుక్క తుల్య బిందువు దగ్గర పీహెచ్‌ను ఒక యూనిట్‌కు పైగా ఎగరేస్తుంది. చెయ్యి తడబడే అవకాశమున్న పనిని ముందే ముగించి, కొలతను తప్పులు అణిగిపోయే చోట పెట్టారన్నమాట.

పాతబడిన సోడియం హైడ్రాక్సైడ్ విషయంలోనూ అంతే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని అందులో కొంత కార్బొనేట్‌గా మారి ఉంటుంది. ఫినాఫ్తలీన్ రంగు దగ్గర అది బైకార్బొనేట్ దాకా వచ్చి ఆగుతుంది. రెండో పాలు పోయగానే ఆ బైకార్బొనేట్ కూడా ఆమ్లాన్ని కొంత తినేస్తుంది. అంటే లవణం సగం కంటే కాస్త ఎక్కువవుతుంది. ఆమ్లంలో నూటికి ఒక మోల్ చొప్పున కార్బొనేట్ ఉన్నా పీహెచ్ పెరిగేది 0.01 లోపే. క్షారం గాఢతను ఆగ్జాలిక్ ఆమ్లంతో తేల్చుకునే పని కూడా ఇక్కడ లేదు.

ఇన్ని పొరపాట్లను మింగేసే పద్ధతి ఒకదాన్ని మాత్రం క్షమించదు. అది మీటర్. బరువంతా తెచ్చి దాని మీదే పెట్టాం కదా! మీటర్ 0.10 ఎక్కువ చూపితే పీకేఏ కూడా 0.10 ఎక్కువే వస్తుంది. మూడుసార్లు చేసి సగటు తీసినా ప్రతిసారీ అదే తప్పు, అంతే చక్కగా వస్తుంది. రీడింగులు ఒకదానితో ఒకటి కలిశాయి కాబట్టి సరైనవని అనుకోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం. కాబట్టి ముందు 7 బఫర్‌లో, తర్వాత 4 బఫర్‌లో మీటర్‌ను సరిచేయాలి. ఒక్క బఫర్‌తో సరిపెట్టకూడదు, ఎందుకంటే 4 దగ్గర మనం చదవబోతున్నాం. పని అయ్యాక ఎలక్ట్రోడ్ కడిగి మళ్లీ 4 బఫర్‌లో ముంచి చూడాలి. 0.02 కంటే ఎక్కువ తేడా చూపితే ఆ పూట రీడింగులను నమ్మకూడదు. బీరువాలో ఎండిపోయిన ఎలక్ట్రోడ్, లేదా పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కాకుండా డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచినది, నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది తప్ప ఒక అంకె మీద నిలవదు. ఆ జరగడమే దాని జబ్బుకు గుర్తు.

అన్నీ సరిగా చేస్తే మీటర్ మీద కనిపించేది 4.69 లేదా 4.70. పుస్తకంలో అసిటిక్ ఆమ్లానికి, 25 డిగ్రీల దగ్గర, ఉన్నది 4.76. ఇక్కడే రికార్డు పుస్తకాల్లో నిజాయితీ జారిపోతుంది. 4.69 కొట్టేసి 4.76 వేస్తారు. నా దృష్టిలో ఆ ల్యాబులో దొరికిన మంచి అంకెను చెరిపేయడమే అది. ఆ 0.07 తేడా తప్పు వల్ల వచ్చింది కాదు. పుస్తకంలోని విలువ అయాన్లు ఒకదాన్నొకటి తాకనంత పలచని ద్రావణానికి లెక్కగట్టినది. మన ఫ్లాస్కులో సోడియం, అసిటేట్ అయాన్లు 0.03 మోలార్ దాకా ఉన్నాయి. ప్రతి అసిటేట్ చుట్టూ వ్యతిరేక ఆవేశం గుమిగూడి దాని చురుకును కొంత తగ్గిస్తుంది. డెబై, హ్యూకెల్ సిద్ధాంతం ఆధారంగా ఆ తగ్గుదలను లెక్కిస్తే సరిగ్గా 0.07 దగ్గరే వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఆ మిశ్రమంలో కొంత తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో పదింతలు పలచన చేసి మళ్లీ చదవండి. పీహెచ్ 4.74 దగ్గరకు పాకుతుంది. బఫర్‌ను పలచన చేస్తే పీహెచ్ మారదని పాఠంలో చదివినవాళ్లకు ఇది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మారుతుంది, కొద్దిగా.

ఇంకో పరీక్ష కూడా ఈ ఫ్లాస్కులోనే చేయొచ్చు. సగం రీడింగు తీశాక మరో రెండు పిపెట్ల వెనిగర్ పోయండి. ఇప్పుడు ఒక పాలు లవణం, మూడు పాళ్లు ఆమ్లం. సమీకరణం ప్రకారం పీహెచ్ లాగ్ 3 అంత, అంటే 0.48 దిగాలి. అయాన్లు కూడా కొంత పలచబడతాయి కాబట్టి నిజంగా దిగేది 0.46 దరిదాపుల్లో. 0.40 మాత్రమే దిగితే ఎలక్ట్రోడ్ సున్నితత్వం పోయిందని అర్థం. బఫర్ సీసాలు పాతబడ్డాయేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఈ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది, దీనికి వెనిగర్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఈ రెండో రీడింగే పద్ధతి హద్దును కూడా చూపిస్తుంది. వెనిగర్ బదులు నిమ్మరసంతో ఇదంతా చేస్తే ఏ ఆటంకమూ లేకుండా ఒక అంకె వచ్చేస్తుంది. కానీ నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం మూడు హైడ్రోజన్లను మూడు దశల్లో వదులుతుంది. వాటి పీకేఏలు 3.13, 4.76, 6.40. మూడూ పక్కపక్కనే ఉండటంతో దశలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఫినాఫ్తలీన్ మూడూ అయ్యాకే రంగు చూపుతుంది. అందులో సగమంటే రెండో దశ నడుమ అన్నమాట. వచ్చిన అంకె ఆ దశకు చెందినది, మొదటి దశది కాదు. రెండో దశ పుస్తక విలువ అసిటిక్ ఆమ్లానిదే కావడం ఒక వింత. మీటర్ మీద మాత్రం అది అంతకంటే బాగా కిందికి చదువుతుంది, ఎందుకంటే రెండు ఆవేశాలున్న సిట్రేట్ మీద అయాన్ల గుంపు ప్రభావం చాలా ఎక్కువ. అనుమానం తీర్చేది మాత్రం రెండు పిపెట్ల పరీక్షే. ఒక దశ ఆమ్లమైతే పీహెచ్ అర యూనిట్ లోపు దిగుతుంది. నిమ్మరసానికి దాదాపు ఒక యూనిట్ దిగుతుంది.