జవాబు ఏ అరబ్బీలో వస్తుంది?

పెద్దవయసులో అరబ్బీ నేర్చుకోవడానికి పూనుకున్నవారు అక్షరమాల దగ్గరికి చేరకముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పుస్తకాలు, పత్రికలు, వార్తాప్రసారాలు, ప్రభుత్వ ఉత్తర్వులు వాడే ఆధునిక ప్రమాణ భాషను, అంటే అరబ్బులు ఫుస్‌హా అని పిలిచే భాషను, ముందు పట్టుకోవాలా, లేక ఇంట్లోనూ బజారులోనూ వినిపించే మాండలికాన్ని, అంటే ఆమ్మియాను, ముందు పట్టుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. ఒకే భాషకు చెందిన రెండు రూపాలు ఒకే సమాజంలో వేర్వేరు పనులకు స్థిరపడిపోయి, వాటిలో గౌరవం ఎక్కువగల రూపం ఎవరికీ తల్లిభాష కాకుండా బడిలో మాత్రమే అబ్బే స్థితిని చార్లెస్ ఫెర్గుసన్ అనే అమెరికన్ భాషావేత్త 1959లో డైగ్లోసియా పేరుతో వర్ణించినప్పుడు, ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణలలో అరబ్బీ ఒకటి. గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఇది పాత కథలా తోచవచ్చు గానీ, గిడుగు రామమూర్తి ఉద్యమం తరువాత తెలుగు పత్రికల భాష చదువుకున్నవారి మాటకు దగ్గరగా జరిగింది. అరబ్బీలో అటువంటి జరుగుబాటు రాలేదు. ఖుర్‌ఆన్ భాషతో ఫుస్‌హాకు ఉన్న బంధమూ, ఇరవైకి పైగా దేశాలకు ఉమ్మడిగా ఒక రాతభాష ఉండవలసిన అవసరమూ దానిని ఉన్నచోటనే నిలిపి ఉంచాయి.

విశ్వవిద్యాలయాలు చాలాకాలంగా ఫుస్‌హాతోనే మొదలుపెడుతూ వచ్చాయి, అందుకు వాటికి చెప్పదగిన కారణాలూ ఉన్నాయి. ఫుస్‌హా ఒక్కటే, మాండలికాలు అనేకం. ఫుస్‌హాకు వ్యాకరణాలు, నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు పుష్కలం. పైగా బడి చదువుకున్న ఏ అరబ్బుకైనా అది అర్థమవుతుంది. ఈ చివరి కారణం నిజమే అయినా సగం నిజం. నేర్చుకున్నవాడి మాట ఎదుటివాడికి అర్థమవుతుందని అది చెబుతుంది గానీ, ఎదుటివాడి మాట నేర్చుకున్నవాడికి అర్థమవుతుందో లేదో చెప్పదు.

కైరోలోని ఒక మందుల దుకాణాన్ని ఊహించుకుంటే ఈ లోటు స్పష్టంగా కనబడుతుంది. రెండేళ్లు ఫుస్‌హా మాత్రమే చదివిన విద్యార్థి లోపలికి వెళ్లి, "హల్ ఇందకుమ్ దవాఉన్ లిస్సుదాఇ?" అని, అంటే తలనొప్పికి మందు ఉందా అని, తప్పులేకుండా అడుగుతాడు. దుకాణదారుకు ప్రతి మాటా అర్థమవుతుంది. వార్తల్లో, మసీదు ప్రసంగాల్లో, పిల్లల కార్టూన్లలో అటువంటి భాష ఆయన చిన్ననాటి నుంచీ వింటున్నదే. అయినా ఆయన జవాబు తన సొంత భాషలోనే వస్తుంది: "అందినా. ఆయిజ్ హాగా అవియ్యా వల్లా ఆదియ్యా?" ఉందని చెప్పి, గట్టిది కావాలా మామూలుది కావాలా అని ఆయన అడిగాడు. ఇదే ప్రశ్న ఫుస్‌హాలో "హల్ తురీదు షైఅన్ ఖవియ్యన్ అమ్ ఆదియ్యన్?" అయ్యేది. మొదటి మాట, చివరి మాట విద్యార్థికి ఎలాగో చిక్కుతాయి. 'అవియ్యా' అన్నది తాను చదువుకున్న 'ఖవియ్య' మాటేనని, కైరోవాసులు ఖాఫ్ అనే అక్షరపు ధ్వనిని వదిలి ఆ చోట గొంతును క్షణంపాటు మూసి తెరుస్తారని తెలిసి ఉంటే ఆ మాటా చిక్కేది. 'హాగా' కూడా పుస్తకంలోని 'హాజా' మాటే, అక్కడి జకారం కైరోలో గకారమవుతుంది; అయితే పుస్తకంలో అవసరమనే అర్థమున్న మాట ఇక్కడ వస్తువు, ఏదైనా ఒకటి అనే అర్థానికి మారిపోయింది. కావాలనే అర్థమిచ్చే 'ఆయిజ్', లేక అనే అర్థమిచ్చే 'వల్లా' ఆ విద్యార్థి పాఠాల్లో రానే లేదు. అరుదైన పదం ఒక్కటీ లేని, ఏ దుకాణంలోనైనా పూటకు పదిసార్లు వినిపించే ప్రశ్న ముందు రెండేళ్ల చదువు నిలిచిపోవడానికి విద్యార్థి మందమతి కానక్కరలేదు. తేడాలన్నీ అతి మామూలు మాటల్లోనే గుమికూడి ఉండడమే అసలు కారణం. కావాలి, ఇప్పుడు, ఎక్కడ, ఏమిటి, లేదు వంటి మాటలే ప్రాంతాన్ని బట్టి మారిపోతాయి. ప్రజాస్వామ్యం, ఆర్థికవ్యవస్థ వంటి బరువైన మాటలు మాత్రం మొరాకో నుంచి ఇరాక్ దాకా దాదాపు ఒకే తీరున ఉంటాయి.

పాఠ్యక్రమంలోని వైపరీత్యం ఇక్కడే ఉంది. ఏ భాషలోనైనా కొత్తగా వచ్చినవాడికి ముందు పలకరింపు, బేరం, దారి అడగడం నేర్పి, ఆ తరువాత సంపాదకీయాలు చదివిస్తారు. అరబ్బీ తరగతిలో మాత్రం ఐక్యరాజ్యసమితి గురించి మాట్లాడగలిగిన విద్యార్థి చాయ్‌లో చక్కెర తగ్గించమని చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అరబ్బీ బోధించిన కారిన్ రైడింగ్ దీనిని తలకిందుల ప్రాధాన్యంగా గుర్తించారు. వ్యాకరణం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఫుస్‌హాలో సర్వనామాలు 12, ద్వివచనానికి వేరు, బహువచన స్త్రీలింగానికి వేరు. సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు గానీ, కైరో మాటకు 8 చాలు. ఫుస్‌హాలో నామవాచకం చివరి అచ్చు దాని విభక్తిని బట్టి మారుతుంది, మాండలికాల్లో ఆ ప్రత్యయాలు దాదాపు పూర్తిగా రాలిపోయాయి. అతడు రాయలేదనడానికి ఫుస్‌హా 'లమ్ యక్‌తుబ్' అంటూ వ్యతిరేకార్థక పదంతోపాటు క్రియారూపాన్నీ మార్చేస్తుంది, కైరో 'మా కతబ్‌ష్' అని ఉన్న క్రియకే ముందు ఒక ముక్క, వెనుక ఒక ముక్క తగిలిస్తుంది. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అరబ్బీకి 88 వారాలు, సుమారు 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది; ఉద్యోగం చేసుకుంటూ రోజుకు ఒక గంట మాత్రమే మిగుల్చుకోగల మనిషికి ఇవి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో మొదటి రెండూ రోజువారీ మాటల్లో ఎవరూ వాడని అంత్యప్రత్యయాలకు ధారపోయడం విజ్ఞత అనిపించుకోదు.

అలాగని ఫుస్‌హాను పక్కనబెట్టడం కూడా కుదరదు. మాండలికం మాత్రమే వచ్చిన మనిషి అరబ్ దేశంలో నిరక్షరాస్యుడితో సమానం. దరఖాస్తు, అద్దె ఒప్పందం, మందుసీసా మీది సూచన, పత్రిక అన్నీ ఫుస్‌హాలోనే ఉంటాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మున్‌దిర్ యూనుస్ రూపొందించిన సమగ్ర పద్ధతి ఈ చిక్కుకు ఒక సూటి పరిష్కారం చూపింది. మాట్లాడడమూ వినడమూ మొదటి రోజు నుంచే సిరియా, జోర్డాన్, పాలస్తీనా ప్రాంతాల షామీ మాండలికంలోనూ, చదవడమూ రాయడమూ ఫుస్‌హాలోనూ సాగుతాయి. అరబ్బులు స్వయంగా చేసేది కూడా అదే కదా! ఒంటరిగా చదువుకునేవారు ఈ పద్ధతిని అనుసరించదలిస్తే ముందుగా మాండలికం ఒక్కటే ఎంచుకోవాలి, లిపిని వాయిదా వేయకూడదు, ఫుస్‌హా విభక్తులను గుర్తుపట్టడానికే తప్ప పలకడానికి అభ్యసించనక్కరలేదు. ఖాఫ్ ధ్వని కైరో, డమాస్కస్ నగరాల్లో గొంతు మూతగానూ, గల్ఫ్‌లో గకారంగానూ మారుతుందన్న బోటి సూత్రాలు నాలుగైదు చేతిలో ఉంటే, చదివిన మాటను విన్న మాటతో కలుపుకోవడం సులువవుతుంది. ఆ సూత్రాలకూ హద్దుంది. ఖుర్‌ఆన్, అల్‌ఖాహిరా (కైరో నగరపు పేరు) వంటి మాటల్లో కైరోవాసులు కూడా ఖాఫ్‌ను చక్కగా పలుకుతారు, ఎందుకంటే ఆ మాటలు వారికి బడి నుంచీ మతగ్రంథం నుంచీ వచ్చినవి.

ఈ పద్ధతిలో మొదటి కొన్ని నెలలు రెండూ కలగాపులగమవుతాయి, బోధకులలో చాలామంది దీనికే భయపడతారు. భయం పూర్తిగా నిరాధారం కాకపోయినా, అరబ్బులు కూడా రెండింటి మధ్య గీత గీసి మాట్లాడరని గమనించాలి. ఈజిప్టు పండితుడు అస్సయీద్ బదవీ 1973లో తన దేశపు భాషావాడుకను ఐదు అంతస్తులుగా విభజించి చూపాడు: పైన సంప్రదాయ గ్రంథభాష, కింద చదువురానివారి మాట, మధ్యలో విద్యావంతుల మాటవంటి అంతస్తులు. టెలివిజన్ చర్చలో ఒకే వక్త ఒకే నిమిషంలో వీటిలో రెండు మూడింటిని తాకడం నిత్యకృత్యం. కలపడం తప్పు కాదు, ఎక్కడ ఏది కలపవచ్చో తెలియకపోవడమే తప్పు. ఖుర్‌ఆన్ వ్యాఖ్యానాలో మధ్యయుగ గ్రంథాలో చదవడం ఒక్కటే లక్ష్యమైనవారు మాత్రం నేరుగా ఫుస్‌హాతో మొదలుపెట్టి, విభక్తులను మొదటినుంచీ శ్రద్ధగా నేర్చుకోవాలి. అచ్చులు గుర్తించని పాత గ్రంథంలో ఎవరు ఎవరిని కొట్టారో తేల్చేది కొన్నిసార్లు అవే.

కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికీ డ్రైవింగుకూ కువైట్ వెళ్లేవారి సమస్య ఇంకొక రకం. వారికి ఫుస్‌హాతో పని తక్కువ, కువైటీ మాండలికంతో పని ఎక్కువ. కానీ వారి చెవిన పడేది ఆ రెండూ కాని మూడోది, గల్ఫ్ యజమానులూ దక్షిణాసియా పనివాళ్లూ కలిసి అల్లుకున్న ముక్కల అరబ్బీ. అందులో లేదనడానికి 'మాఫీ', ఉందనడానికి 'ఫీ', క్రియలకు కాలమూ పురుషా దాదాపు ఉండవు. పని నడవడానికి అది చాలుతుంది కాబట్టి, నాలుగేళ్లు గడిచినా అంతకు మించి పోనివారు ఉంటారు. పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉంది. ఇంటివారు పనిమనిషితో 'మాఫీ' అంటారు గానీ, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అదే అర్థంలో 'మాకూ' అంటారు, కోడిని ఫుస్‌హాలోలా 'దజాజ్' అనకుండా 'దియాయ్' అంటారు, ఇప్పుడు అనడానికి 'అల్‌హీన్' వాడతారు. తనతో మాట్లాడినప్పుడు అంతా తెలిసి, పక్కగదిలో పిల్లలతో తల్లి మాట్లాడుతుంటే ఏమీ తెలియకపోతే, నేర్చుకున్నది ఆ ఇంటి అరబ్బీ కాదన్నమాట. దాన్ని పట్టుకోవడానికి పుస్తకం కన్నా ఆ ఇంటి పిల్లలే మేలు. ఐదారేళ్ల పిల్లలు విదేశీయులకోసం తమ భాషను ముక్కలు చేయరు, అడిగిన మాటను విసుక్కోకుండా మళ్లీ చెబుతారు, తప్పుగా పలికితే అక్కడికక్కడే నవ్వి దిద్దుతారు.