సీటీ తీగ ఊడిన క్షణం

సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో పాలకీడు, నేరేడుచర్ల వైపు 11 కేవీ ఫీడర్ ట్రిప్పయితే లైన్‌మన్ చేసే మొదటి పని లైను వెంట నడవడం. కొమ్మ తగిలిందేమో, ఇన్సులేటర్ పగిలిందేమో అని చూసుకుంటూ పోతాడు. ఎర్త్ ఫాల్ట్ రిలే ఫ్లాగ్ పడితే ఎవరైనా లైన్‌నే అనుమానిస్తారు. కానీ లైను బాగానే ఉండి, బ్రేకర్ వేసి లోడు ఎక్కగానే మళ్లీ పడిపోతుంటే నా చూపు ప్యానెల్ వెనకకే పోతుంది. అక్కడ సీటీ సెకండరీ తీగ ఒకటి టెర్మినల్లో వదులై ఊడి ఉండవచ్చు.

లెక్క తీసుకుందాం. ఫీడర్ సీటీ 400/5, లోడు 240 ఆంపియర్లు. ప్రైమరీ ఒక్క చుట్టు, సెకండరీ 80 చుట్లు, కాబట్టి సెకండరీలో 3 ఆంపియర్లు. మూడు ఫేజులూ సమానంగా ఉంటే వాటి మొత్తం సున్నా, ఎర్త్ ఫాల్ట్ రిలేకు ఏమీ అందదు. ఆర్ ఫేజు తీగ ఊడితే మిగిలిన రెండు ఫేజుల మొత్తం, అంటే 3 ఆంపియర్లు, ఆ రిలేలోకే పోతుంది. దాని సెట్టింగ్ 20 శాతమైతే 1 ఆంపియర్ దాటగానే అది పని చేస్తుంది. లైన్లో ఫాల్ట్ లేకుండానే ఫీడర్ పోతుంది. ఒకరకంగా అది అదృష్టమే. మీటరు కోసం వేరే కోర్ ఉండి ఆ తీగ ఊడితే ట్రిప్ చేసేవాళ్లెవరూ ఉండరు. ఒక ఫేజు యూనిట్లు లెక్కకు రాకుండా పోతూ, లోపల సీటీ ఉడుకుతూనే ఉంటుంది.

ఎందుకు ఉడుకుతుంది? సీటీ ప్రైమరీ లైనుతో వరుసలో ఉంటుంది. అందులో ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేవి పొలాల్లోని మోటార్లు. సెకండరీలో ఏం జరిగినా ఆ 240 తగ్గవు. సెకండరీ మూసి ఉన్నంతసేపూ ప్రైమరీ 240 ఆంపియర్-చుట్లకు ఎదురుగా సెకండరీ 3×80, అదే 240, నిలబడుతుంది. త్రాసులో రెండు తట్టలూ సమానమైనట్టు. కోర్‌కు మిగిలేది ఒకటి రెండు ఆంపియర్-చుట్లు మాత్రమే. రిలే, తీగలు కలిపి మూడో వంతు ఓమ్ అయితే సెకండరీలో ఉండేది ఒక వోల్టు.

తీగ ఊడగానే ఎదురు తట్ట ఖాళీ. 240 ఆంపియర్-చుట్లూ కోర్‌ను అయస్కాంతం చేయడానికే పోతాయి. సిలికాన్ ఉక్కు సుమారు 1.8 టెస్లా దగ్గర సాచురేట్ అవుతుంది. అక్కడికి చేరడానికి పాతిక ఆంపియర్-చుట్లు చాలనుకుందాం. ఆపైన కరెంటు ఎంత పెరిగినా ఫ్లక్స్ పెద్దగా పెరగదు. అంటే కోర్ సైకిల్లో ఎక్కువ భాగం అటు నిండో, ఇటు నిండో ఉంటుంది. కరెంటు సున్నా దాటే ఆ కొద్ది సమయంలోనే ఒక కొస నుంచి రెండో కొసకు తిరగబడుతుంది. 240 ఆంపియర్ల దగ్గర ఆ తిరుగుడుకు పట్టేది అర మిల్లీసెకను. కోర్ అడ్డుకోత 20 చదరపు సెంటీమీటర్లయితే, 80 చుట్లలో ఆ కొద్దిసేపట్లో వెయ్యి వోల్టులు దాటిన పిడుగులాంటి పోటు పుడుతుంది. సెకనుకు అలాంటివి వంద. అదే 400/1 సీటీ అయితే చుట్లు 400, పోటు అయిదు రెట్లు.

ఆ వోల్టేజి ఊడిన కొస దగ్గర గాలిని చీల్చి చిటపటలాడిస్తుంది, టెర్మినల్ బ్లాకును కాలుస్తుంది, చేయి పెట్టినవాణ్ణి చంపగలదు. సాచురేట్ అయిన ఉక్కులో నష్టాలు పెరిగి కోర్ వేడెక్కుతుంది, చుట్ల మధ్య ఇన్సులేషన్ మాడుతుంది. మామూలుకంటే ఎక్కువ గుంయిమనడం, వార్నిష్ మాడిన వాసన, ఒక ఫేజు అమ్మీటరు సున్నా: ఇవి గుర్తులు. చిన్న మిల్లులో ఎల్‌టీ మీటరుకు పెట్టే చిన్న కోర్ సీటీలో పోటు ఇంత రాకపోవచ్చు. కానీ ఏ సీటీ ఎంత ఇస్తుందో చేత్తో పరీక్షించే మార్గం లేదు గనక తేడా చూపించను. లోడు తక్కువని ధైర్యపడటానికీ లేదు, పైన లెక్క ప్రకారం పాతిక ఆంపియర్లకే కోర్ నిండుతుంది.

అందుకే మీటరు మార్చేటప్పుడు ముందు టెస్ట్ టెర్మినల్ బ్లాకులో షార్టింగ్ లింకు బిగించాలి. అమ్మీటరు సున్నాకు పడిపోయిందో లేదో చూసి, ఆ తర్వాతే తీగ విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు ముందు తీగలు బిగించాలి, చివర లింకు తీయాలి. సీటీ దారిలో ఫ్యూజు ఉండకూడదు. పీటీ దగ్గర దీనికి సరిగ్గా తిరగేసిన నియమం: దాని సెకండరీ షార్ట్ కాకూడదు. రెండూ ఒకే బ్లాకులో పక్కపక్కనే ఉంటాయి గనక లేబుళ్లు చెరిగిపోయిన ప్యానెల్ చూస్తే నాకు భయం.

ఊడిన తీగను బ్రేకర్ ఆపి బిగించినంత మాత్రాన పని అయిపోదు. కరెంటు ఆగినా కోర్‌లో కొంత అయస్కాంతత్వం మిగిలే ఉంటుంది. దాంతో సీటీ నిష్పత్తి తప్పి, మీటరు తప్పు చూపవచ్చు. పెద్ద ఫాల్ట్ వచ్చినప్పుడు కోర్ ముందే నిండిపోయి రిలే ఆలస్యం కావచ్చు. సప్లై తీసేసి, సెకండరీకి ఏసీ వోల్టేజిని కోర్ నిండేదాకా పెంచి, మెల్లగా సున్నాకు దించితే అది పోతుంది. తర్వాత ఎక్సైటేషన్ కర్వ్ తీసి పాత రికార్డుతో పోల్చాలి. అదే వోల్టేజికి ఇదివరకటికంటే బాగా ఎక్కువ కరెంటు తీసుకుంటుంటే చుట్లలో షార్ట్ పడిందన్నమాట. ఆ సీటీని మార్చేయాల్సిందే.